నెలసరి మధ్యలో ఒక పక్కన వచ్చే పోటు: అది అండం విడుదల నొప్పేనా అని తేల్చుకోవడం ఎలా

రెండు నెలసరుల నడుమ రోజుల్లో పొత్తికడుపులో ఒక పక్కన హఠాత్తుగా చురుక్కుమని పోటు వచ్చి, కాసేపటికి సన్నటి సలుపుగా మారి, కొన్ని గంటల్లోనో ఒకటి రెండు రోజుల్లోనో పూర్తిగా తగ్గిపోవడం చాలామంది స్త్రీలకు అనుభవంలో ఉన్నదే. అండాశయం నుంచి అండం విడుదలయ్యే సమయంలో వచ్చే ఈ నొప్పి రోగం కాదు, దీనివల్ల అండాశయానికి హాని కూడా లేదు. అయితే సరిగ్గా అదే చోట, అంతే హఠాత్తుగా మొదలయ్యే నొప్పులు మరికొన్ని ఉన్నాయి, వాటిలో రెండు మూడింటిని గంటల్లో గుర్తించకపోతే అండాశయానికి గానీ ప్రాణానికి గానీ ముప్పు. అందుకే నొప్పి ఎక్కడ వచ్చిందన్న దాన్నిబట్టి నిర్ణయానికి రావద్దు. చోటు చెప్పేది చాలా తక్కువ. నొప్పి ఏ తేదీన వచ్చింది, వచ్చాక గంట గంటకూ ఎటు నడుస్తోంది అన్న రెండు విషయాలే అసలు సంగతి చెబుతాయి.

ఎందుకలాగో తెలియాలంటే లోపల జరిగేదేమిటో కొద్దిగా తెలిసి ఉండాలి. ప్రతి నెలా ఒక అండాశయంలో అండాన్ని మోసే చిన్న నీటి సంచి పెరుగుతుంది, దాన్ని ఫాలికల్ అంటారు. విడుదల సమయానికి అది సుమారు 2 సెంటీమీటర్ల వరకూ పెరిగి అండాశయం పైపొరను సాగదీస్తుంది, ఆ తర్వాత పగిలి అండాన్ని వదులుతుంది. అండంతోపాటు ఫాలికల్‌లోని నీరు, కొద్దిపాటి రక్తం కటి భాగంలోకి కారి, కడుపు లోపలి పొరను రేపుతాయి. మొదటి పోటుకూ ఆ తర్వాతి సలుపుకూ కారణం ఇవేనని వైద్యుల భావన. కారిన ద్రవాన్ని శరీరం త్వరలోనే పీల్చేసుకుంటుంది కనుక నొప్పి తనంతట తానే తగ్గాలి. అంటే ఈ నొప్పికి ఒక తేదీ ఉంటుంది, ఒక పక్క ఉంటుంది, తగ్గే దారి ఉంటుంది. ఈ మూడింటిలో ఏది తప్పినా అనుమానించవలసిందే.

ముందుగా, ఆగకూడని పరిస్థితి కాదని నిర్ధారించుకోండి

క్యాలెండర్ తీసే ముందు మీ శరీరం ఏ స్థితిలో ఉందో చూసుకోండి. లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నా, స్పృహ తప్పినట్టు అనిపించినా, చెమటలు పట్టి గుండె వేగంగా కొట్టుకుంటున్నా, కడుపులో నొప్పితోపాటు భుజం కొసన నొప్పి తోస్తున్నా కడుపు లోపల రక్తస్రావం జరుగుతూ ఉండవచ్చు. భుజానికీ పొత్తికడుపుకూ సంబంధమేమిటని అనిపించవచ్చు. కడుపులో చేరిన రక్తం పైకి పాకి ఊపిరితిత్తుల కింది డయాఫ్రమ్‌ను తాకినప్పుడు, అక్కడి నరాల దారిని బట్టి ఆ నొప్పి భుజంలో ఉన్నట్టు తెలుస్తుంది. పడుకున్నప్పుడు అది ఎక్కువ కావచ్చు కూడా. ఈ లక్షణాల్లో ఒక్కటి ఉన్నా ఇంట్లో ఏ పరీక్షా చేసుకుంటూ కూర్చోకుండా అత్యవసర విభాగానికి వెళ్లండి, ఒంటరిగా వాహనం నడుపుకుంటూ వెళ్లవద్దు.

నొప్పి క్షణాల్లో భరించలేనంతగా పెరిగి, దానితోపాటు వాంతులు మొదలైనా అంతే. అండాశయం తనను పట్టి ఉంచే తంతువుల చుట్టూ మెలిపడినప్పుడు దానికి వెళ్లే రక్తనాళాలు కూడా నొక్కుకుపోతాయి. ఇది ఎక్కువగా సిస్టు, అంటే ద్రవం నిండిన సంచి, వల్ల పెద్దదైన అండాశయంలో, ముఖ్యంగా 5 సెంటీమీటర్లకు మించిన సిస్టు ఉన్నప్పుడు జరుగుతుంది, సంతానం కోసం అండాశయాలను ప్రేరేపించే ఇంజెక్షన్లు తీసుకుంటున్నవారిలో కూడా ముప్పు ఎక్కువ. మోసగించే విషయం ఏమిటంటే, మెలి కొంత విడిపోతే నొప్పి తగ్గుతుంది, మళ్లీ పడితే తిరిగి వస్తుంది. అందుచేత తీవ్రమైన నొప్పి, వాంతి వచ్చి, అరగంటకు తేలికైనంత మాత్రాన గండం గడిచిందని అనుకోకూడదు. త్వరగా శస్త్రచికిత్స చేసి మెలి విప్పితే అండాశయాన్ని కాపాడుకునే అవకాశం బాగా ఉంటుంది, ఆలస్యమయ్యే కొద్దీ ఆ అవకాశం తరిగిపోతుంది. అండం విడుదల నొప్పిలో ఒకోసారి కాస్త వికారం ఉండవచ్చు గానీ, పదే పదే వాంతులు కావు.

జ్వరం, చలి, ఆగకుండా ఎక్కువగా వచ్చే రక్తస్రావం, దుర్వాసనతో కూడిన తెల్లబట్ట కూడా అండం విడుదలకు సంబంధించినవి కావు, వీటిలో ఏది కనిపించినా అదే రోజు వైద్యులను కలవాలి.

గర్భం లేదని పరీక్షతో తేల్చుకోండి

గర్భం వచ్చే అవకాశం ఏ కొంచెం ఉన్నా ఈ మెట్టును దాటవేయవద్దు. నెలసరి మధ్యలో ఉన్నాను కదా, పోయిన నెల నెలసరి కూడా వచ్చింది కదా, ఇక గర్భం ఎలా ఉంటుందని చాలామంది అనుకుంటారు. ప్రమాదం దాగి ఉండేది సరిగ్గా ఆ నమ్మకంలోనే.

గర్భం గర్భాశయంలో కాకుండా, అండాన్ని గర్భాశయానికి చేర్చే ఫాలోపియన్ ట్యూబులో నిలిచినప్పుడు, నెలసరి రావలసిన రోజుల్లోనే కొంత రక్తం కనబడవచ్చు. ఆ స్త్రీ దాన్ని నెలసరిగానే లెక్కవేసుకుంటుంది. గర్భం వయసును అంతకు ముందు నెలసరి మొదటి రోజు నుంచి లెక్కిస్తారు కనుక, ఆ రక్తం కనబడే నాటికే గర్భానికి సుమారు 4 వారాలు. అక్కడి నుంచి మరో 2 వారాలు గడిచేసరికి ఆమె లెక్కలో అది నెలసరి మధ్యకాలం, నిజానికి గర్భానికి 6 వారాలు. ట్యూబులోని గర్భం నొప్పిగా బయటపడటం ఎక్కువగా 6 నుంచి 8 వారాల మధ్యే. అంటే క్యాలెండర్ ప్రకారం అండం విడుదలకు అచ్చంగా సరిపోయే రోజునే, ఒక పక్కన, ఈ నొప్పి రావచ్చు. తేదీలు ఎంత జాగ్రత్తగా రాసిపెట్టుకున్నా ఈ పొరపాటును పట్టుకోలేవు, పరీక్ష మాత్రమే పట్టుకుంటుంది.

అందువల్ల పోయిన నెలసరి ఎలా జరిగిందో ఒకసారి గుర్తు చేసుకోండి. ఎప్పటికన్నా తక్కువగా వచ్చిందా, ముదురు రంగులో చుక్కలు చుక్కలుగా సాగిందా, రెండు మూడు రోజులు ముందో వెనకో వచ్చిందా? వీటికి జవాబు ఏదైనా సరే, మూత్రంతో చేసుకునే గర్భ నిర్ధారణ పరీక్ష ఒకటి చేయండి. ఈ నెల కలయిక వల్ల వచ్చే గర్భాన్ని ఇంత ముందుగా ఆ కిట్ చూపలేదు, కాని మనకు ఇక్కడ కావలసినది అది కాదు. పోయిన నెల నుంచే ఉన్న గర్భమైతే ఈ పాటికి కిట్‌లో కనబడటానికి సరిపడా హార్మోను దాదాపు ఎప్పుడూ ఉంటుంది. రెండు గీతలు వచ్చి, ఒక పక్కన నొప్పి ఉంటే, గర్భం గర్భాశయంలోనే ఉందని స్కానింగ్‌లో చూసేదాకా దాన్ని ట్యూబులో గర్భంగానే భావించి, అదే పూట ఆసుపత్రికి వెళ్లండి.

ట్యూబులు కట్టించుకున్నవారూ, గర్భనిరోధక లూప్ వేయించుకున్నవారూ ఈ పరీక్ష తమకు అవసరం లేదని అనుకోకూడదు. వీరికి గర్భం రావడం అరుదే, కాని వస్తే అది గర్భాశయం బయట నిలిచే అవకాశం ఇతరులకన్నా ఎక్కువ. ఇంతకుముందు ట్యూబులో గర్భం వచ్చి ఉన్నవారు, కటి భాగంలో ఇన్ఫెక్షన్ వచ్చి ఉన్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి.

తేదీని వెనక నుంచి లెక్కించండి

పరీక్షలో గర్భం లేదని తేలింది, మీ శరీర స్థితి నిలకడగా ఉంది. ఇప్పుడు క్యాలెండర్ తెరవండి. అండం 14వ రోజున విడుదలవుతుందన్న మాట అందరూ వినే ఉంటారు, అది 28 రోజుల చక్రానికి మాత్రమే సరిపోయే లెక్క. చక్రం పొడుగైనా పొట్టిదైనా ప్రధానంగా మారేది అండం విడుదలకు ముందున్న భాగం. విడుదల తర్వాత, వచ్చే నెలసరి దాకా ఉండే భాగం చాలామందిలో సుమారు 2 వారాలు, కొందరికి రెండు మూడు రోజులు అటూ ఇటూ. కాబట్టి పోయిన నెలసరి నుంచి ముందుకు కాకుండా, రాబోయే నెలసరి నుంచి 14 రోజులు వెనక్కి లెక్కించాలి.

ఒక స్త్రీ క్యాలెండర్‌తో ఇది చేసి చూద్దాం. ఆమెకు నెలసరి మొదలైన తేదీలు జనవరి 2, ఫిబ్రవరి 3, మార్చి 5, ఏప్రిల్ 6 అనుకోండి. వీటి మధ్య దూరాలు 32, 30, 32 రోజులు. అంటే తర్వాతి నెలసరి మే 6 నుంచి 8 లోపు రావాలి. అక్కడి నుంచి 14 రోజులు వెనక్కి వెళితే ఏప్రిల్ 22 నుంచి 24 దాకా వస్తుంది. ఏప్రిల్ 23 సాయంత్రం, అంటే చక్రంలో 18వ రోజున, ఆమెకు కుడి పక్కన పోటు వచ్చింది. 14వ రోజు లెక్కతో చూస్తే ఏప్రిల్ 19నే అండం విడుదలై ఉండాలి కనుక ఇది వేరే నొప్పి అనుకునేది. వెనక నుంచి లెక్కిస్తే సరిగ్గా సరిపోయింది. పోటు రెండు గంటలు ఉండి సలుపుగా మారింది, మర్నాటికి పోయింది. మే 7న, అంటే నొప్పి వచ్చిన 14 రోజులకు, నెలసరి వచ్చింది. ఈ చివరి తేదీయే అసలైన రుజువు. నొప్పి వచ్చిన రోజున మనం చేసేది అంచనా మాత్రమే, అది నిజమో కాదో చెప్పేది ఆ తర్వాత సుమారు 2 వారాలకు వచ్చే నెలసరి.

అదే స్త్రీకి మే 31న, వ్యాయామం చేస్తుండగా, అదే కుడి పక్కన పోటు వచ్చిందనుకోండి. చోటు అదే, హఠాత్తుగా రావడమూ అంతే. అయితే ఆమె చక్రం 30 నుంచి 32 రోజులది కనుక తర్వాతి నెలసరి జూన్ 6 నుంచి 8 లోపు రావాలి, అండం విడుదల మే 23 నుంచి 25 లోపే అయిపోయి ఉండాలి. అంటే మే 31 నాటికి దాదాపు వారం దాటింది. ఈ రోజుల్లో వచ్చే నొప్పిని అండం విడుదల ఖాతాలో వేయడానికి వీల్లేదు. అండం బయటికి వచ్చాక ఆ ఫాలికల్ స్థానంలో కార్పస్ ల్యూటియం అనే భాగం ఏర్పడుతుంది. ఒకోసారి దానిలో రక్తం చేరి సిస్టుగా ఉబ్బి, నెలసరికి ముందు రోజుల్లో, చాలాసార్లు కలయిక తర్వాతో శారీరక శ్రమలోనో పగులుతుంది. ఎక్కువమందిలో రక్తం కొద్దిగా కారి ఆగిపోతుంది, నొప్పికి మందు, కొన్ని గంటల పరిశీలన సరిపోతాయి. కొందరిలో ఆగకుండా కారి కడుపు నిండుతుంది. ఏది జరుగుతోందో ఇంటి నుంచి చెప్పలేము, అందుకే ఆమె అదే రోజు వెళ్లి స్కానింగ్ చేయించుకోవాలి, హిమోగ్లోబిన్ పడిపోతున్నదేమో కొన్ని గంటల వ్యవధిలో రెండుసార్లు చూడవలసి రావచ్చు.

రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వంటి మందులు వాడేవారికీ, పుట్టుకతో రక్తం గడ్డకట్టే లోపం ఉన్నవారికీ ఒక విషయం ప్రత్యేకంగా చెప్పాలి. వీరిలో మామూలు అండం విడుదలే పెద్ద రక్తస్రావానికి దారి తీయవచ్చు. తేదీ సరిపోయింది కదా అని వీరు ఇంట్లో వేచి ఉండవద్దు, నొప్పి వచ్చిన వెంటనే వైద్యులకు చెప్పాలి.

మీకు అండం విడుదల అవుతుందా అన్నది చూసుకోండి

ఈస్ట్రోజన్, ప్రొజెస్టెరాన్ రెండూ ఉన్న గర్భనిరోధక మాత్రలను తప్పకుండా వేసుకునేవారిలో సాధారణంగా అండం విడుదల కాదు. అలాంటప్పుడు నెల మధ్యలో ఒక పక్కన వచ్చే నొప్పికి మరో కారణం వెతకాలి. మెనోపాజ్ దాటినవారి విషయం కూడా అంతే. కాపర్ లూప్ ఉన్నవారిలో అండం మామూలుగానే విడుదలవుతుంది. హార్మోన్ లూప్ ఉన్న చాలామందిలో నెలసరి తగ్గినా, ఆగిపోయినా అండం విడుదల కొనసాగుతూ ఉండవచ్చు, గర్భాశయం తీసేసి అండాశయాలు ఉంచినవారిలోనూ అంతే. పాలిచ్చే తల్లికి ప్రసవం తర్వాత మొదటి అండం విడుదల మొదటి నెలసరికన్నా ముందే జరగవచ్చు. వీరందరికీ నొప్పి రావచ్చు, కాని వీరిలో నెలసరి రానివారికి వెనక్కి లెక్కించడానికి తేదీ ఉండదు.

అలాంటివారికీ, చక్రాలు అస్తవ్యస్తంగా ఉన్నవారికీ శరీరంలోని ఇతర గుర్తులు ఉపయోగపడతాయి. విడుదలకు ముందు రెండు మూడు రోజుల నుంచి యోని స్రావం గుడ్డు తెల్లసొనలా పారదర్శకంగా, రెండు వేళ్ల మధ్య సాగేటట్టుగా మారుతుంది, విడుదల తర్వాత తిరిగి చిక్కబడుతుంది లేదా ఆరిపోతుంది. ఓవ్యులేషన్ కిట్ చూపే హార్మోను రక్తంలో పెరగడం మొదలైన సుమారు 36 గంటలకు అండం విడుదలవుతుంది. ఉదయం పక్క మీద నుంచి లేవకముందే చూసుకునే ఉష్ణోగ్రత విడుదల తర్వాత 0.2 నుంచి 0.5 డిగ్రీల సెల్సియస్ వరకూ పెరిగి నెలసరి దాకా నిలుస్తుంది. నొప్పి ఫాలికల్ పగలడానికి కొద్దిగా ముందూ రావచ్చు, తర్వాతా రావచ్చు కనుక ఈ గుర్తులు గంటతో సహా కలవాలని ఆశించవద్దు, ఒకటి రెండు రోజుల తేడాలో కలిస్తే చాలు. ఆ రోజుల్లో లోదుస్తుల మీద ఒకటి రెండు రక్తపు చుక్కలు కనబడటం కూడా ఉన్నదే.

పక్క విషయంలో ఒక అపోహ ఉంది. ఒక నెల కుడి, మరో నెల ఎడమ అని అండాశయాలు వంతులు వేసుకోవు. వరసగా రెండు మూడు నెలలు ఒకే పక్కన రావడం వల్ల మాత్రమే భయపడనక్కరలేదు. ఒకే పక్కన వస్తూ నెల నెలకూ తీవ్రమవుతున్నా, ఎక్కువ రోజులు నిలుస్తున్నా, నెలసరి సమయంలోనూ కలయికలోనూ కూడా నొప్పి ఉంటున్నా మాత్రం, గర్భాశయం లోపలి పొర లాంటి కణజాలం దాని బయట పెరిగే ఎండోమెట్రియోసిస్ గానీ సిస్టు గానీ ఉందేమో చూపించుకోవాలి.

గంటల తరబడి నొప్పి నడకను గమనించండి

ఇంతవరకూ అన్నీ అండం విడుదలవైపే చూపిస్తే, ఇప్పుడు చేయవలసిన పని కనిపెట్టి ఉండటం. నొప్పి మొదలైన సమయం రాసుకుని, రెండు గంటలకోసారి దానికి 10లో ఎన్ని అంకెలు ఇస్తారో రాయండి. అండం విడుదల నొప్పి ఎక్కువగా మొదట్లోనే గరిష్ఠానికి చేరి అక్కడి నుంచి దిగుతుంది. దిగడం నెమ్మదిగానైనా ఉండవచ్చు, మధ్యలో ఒకటి రెండు చిన్న పోట్లు రావచ్చు, కాని మొత్తం మీద దారి కిందికే ఉండాలి.

కుడి పక్కన నొప్పి అయితే ఈ గమనింపు మరింత అవసరం, ఎందుకంటే అపెండిసైటిస్ దారి దీనికి పూర్తిగా వ్యతిరేకం. అది సాధారణంగా బొడ్డు చుట్టూ స్పష్టత లేని నొప్పిగా మొదలై, ఆకలి చచ్చిపోయి, వికారం పుట్టి, కొన్ని గంటల తర్వాత కుడి పక్క కిందికి దిగి అక్కడ పాతుకుపోతుంది, 12 నుంచి 24 గంటల్లో పెరుగుతూనే పోతుంది. జ్వరం మొదట ఉండకపోవచ్చు కనుక జ్వరం లేదని ధైర్యపడకూడదు. నడుస్తుంటే, దగ్గితే, మునివేళ్ల మీద లేచి మడమలను నేలకు తాటించితే ఆ చోట కలుక్కుమనడం కడుపు లోపలి పొర వాచిందనడానికి గుర్తు. అండం విడుదలలో కారిన ద్రవం కూడా ఆ పొరను కొంత రేపుతుంది కాబట్టి ఒక్కసారి కలుక్కుమన్నంత మాత్రాన తేలదు. నాలుగు గంటల తర్వాత అదే పని మళ్లీ చేసి చూడండి. తగ్గితే మంచిది, పెరిగితే బయలుదేరండి. నొప్పి ఉన్న చోటును పదే పదే గట్టిగా నొక్కి చూసుకోవద్దు, దానివల్ల కొత్తగా తెలిసేది ఏమీ లేదు.

నొప్పి నడుము పక్క నుంచి గజ్జల దాకా అలలు అలలుగా వస్తూ, ఒక చోట కుదురుగా కూర్చోనివ్వకపోతే మూత్రనాళంలో రాయి ఉందేమో చూడాలి. రెండు పక్కలా నొప్పి, జ్వరం, చెడు వాసన తెల్లబట్ట కలిసి ఉంటే అది కటి భాగపు ఇన్ఫెక్షన్ కావచ్చు.

ఇంట్లో ఆగడానికి ఒక గడువు పెట్టుకోండి. నా సలహా ఏమిటంటే, మొదటి 6 గంటల్లో నొప్పి ఏ మాత్రం దిగకపోయినా, 24 గంటలు దాటినా పనులు చేసుకోలేనంతగా ఉన్నా, 48 గంటలకు పూర్తిగా పోకపోయినా వైద్యులను కలవాలి. మొదటి గంటలోనే పెరుగుతూ ఉంటే ఈ గడువులేవీ వర్తించవు. జీవితంలో మొదటిసారి ఇలాంటి నొప్పి వచ్చినవారు మరింత త్వరగా వెళ్లడమే మేలు, పోల్చుకోవడానికి వారికి పాత అనుభవం లేదు. ఏటా పలుసార్లు వచ్చేవారైతే ఒక్క ప్రశ్న వేసుకోవాలి: ఇది ఎప్పుడూ వచ్చే నొప్పిలాగే ఉందా? లేదు అన్న జవాబు వస్తే దాన్ని నమ్మండి.

నొప్పిని తగ్గించుకునేటప్పుడు

వేడి నీటి సంచిని బట్టలో చుట్టి 15 నుంచి 20 నిమిషాలు పొత్తికడుపు మీద ఉంచుకోండి. మందు కావాలంటే, పెద్దవారు 500 మిల్లీగ్రాముల పారాసిటమాల్ ఒకటి గానీ రెండు గానీ వేసుకోవచ్చు, తర్వాతి మోతాదుకు కనీసం 4 నుంచి 6 గంటల ఎడం ఉండాలి, రోజుకు 4 గ్రాములు మించకూడదు, కాలేయ జబ్బు ఉన్నవారు ముందే వైద్యులను అడగాలి. ఐబుప్రొఫెన్ ఈ నొప్పికి బాగానే పనిచేస్తుంది, 200 నుంచి 400 మిల్లీగ్రాములు ఆహారంతోపాటు తీసుకోవచ్చు. అయితే కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు, ఇలాంటి మాత్రలతో ఆయాసం వచ్చే స్వభావం ఉన్నవారు, రక్తం పలచబరచే మందులు వాడేవారు దాని జోలికి పోకూడదు. గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారికి కూడా ఈ రోజుల్లో పారాసిటమాలే మంచిది, ఎందుకంటే ఐబుప్రొఫెన్ జాతి మందులు ఫాలికల్ పగలడానికి కావలసిన ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలను అడ్డుకుని విడుదలను ఆలస్యం చేయగలవు.

ఒక మోతాదు మందు వేసుకున్నాక నొప్పి తగ్గడం కారణం చిన్నదేనన్న దానికి రుజువు కాదు. మందు ప్రభావం దిగే వేళకు నొప్పి ఏ స్థాయిలో తిరిగి వచ్చిందో రాసుకోండి, నడకను చూపించేది ఆ అంకే. మందు మీద మందు వేసుకుంటూ రోజంతా నెట్టుకురావద్దు.

వైద్యుల దగ్గరికి వెళ్లినప్పుడు

నొప్పి ఎన్ని గంటలకు మొదలైంది, అప్పుడు మీరు ఏం చేస్తున్నారు, గత మూడు నెలసరులు ఏ తేదీల్లో మొదలయ్యాయి, చివరిది ఎప్పటిలాగే ఉందా, గర్భ పరీక్షలో ఏం వచ్చింది, ఏ మందు ఎప్పుడు వేసుకున్నారు అన్నవి ముందే ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. నొప్పిలో ఉన్నప్పుడు తేదీలు తడబడతాయి, కాగితం తడబడదు. అండాశయం మెలిపడిందన్న అనుమానం ఉంటే ఒక సంగతి తెలిసి ఉండటం మంచిది: డాప్లర్ స్కానింగ్‌లో రక్త ప్రవాహం కనబడినంత మాత్రాన మెలి లేదని ఖాయం కాదు. స్కానింగ్ బాగుందని ఇంటికి పంపాక నొప్పి, వాంతులు తిరిగి మొదలైతే, వెంటనే మళ్లీ వెళ్లండి.

స్కానింగ్ రిపోర్టు చూసి అనవసరంగా కంగారుపడే సందర్భాలూ ఉన్నాయి. నెలసరి మధ్యలో తీసిన స్కానింగ్‌లో అండాశయంలో 2 సెంటీమీటర్ల పలుచటి గోడ గల నీటి సిస్టు ఉందని రాస్తే, అది చాలావరకు ఆ నెల పెరిగిన ఫాలికలే. నెలసరి వచ్చే వయసులో 3 సెంటీమీటర్లలోపు అలాంటి సంచిని మామూలుగానే పరిగణిస్తారు. గర్భాశయం వెనక కొద్దిగా ద్రవం ఉందని రాసినా, పగిలిన ఫాలికల్ నుంచి కారినదే అయి ఉండవచ్చు. అంతకన్నా పెద్ద సిస్టు కనబడి, చూడటానికి సాధారణమైనదిగా ఉంటే, వైద్యులు తరచు కొన్ని వారాలు ఆగి మళ్లీ స్కానింగ్ చేయిస్తారు. దాన్ని నెలసరి ముగిసిన వెంటనే వచ్చే రోజుల్లో పెట్టించుకోవడం మేలు, అప్పటికి కొత్త ఫాలికల్ ఇంకా పెరిగి ఉండదు కనుక పాత సిస్టు కరిగిందో లేదో స్పష్టంగా తెలుస్తుంది. ఇలా ఆగే వారాల్లో హఠాత్తుగా తీవ్రమైన నొప్పి వస్తే స్కానింగ్ తేదీ కోసం ఆగకుండా అత్యవసర విభాగానికి వెళ్లి, ఫలానా పక్కన ఇంత సైజు సిస్టు ఉన్నట్టు ముందే తెలుసునని మొదటి మాటగా చెప్పండి.